బ్లాక్‌లిస్టులో పడిన మెయిల్ సర్వర్ చిరునామా: నిర్ధారణ, కారణం, తొలగింపు

ప్రశ్న: మా కార్యాలయంలో పోస్ట్‌ఫిక్స్‌తో నడిచే సొంత మెయిల్ సర్వర్ ఉంది. నాలుగు రోజులుగా బయటికి పంపే మెయిళ్ళు చాలావరకు తిరిగొస్తున్నాయి. వాటిలో స్పామ్‌హాస్ పేరు కనిపిస్తోంది. వాళ్ళ సైటుకు వెళ్ళి తొలగించమని రెండుసార్లు అడిగాను. తొలగించారు కానీ ఒక్కరోజులోనే మళ్ళీ చేరింది. సర్వర్ లాగ్ అంతా చూశాను, స్పామ్ ఏమీ కనబడలేదు. అసలు లిస్టులో ఉన్నామో లేదో సరిగ్గా ఎలా తెలుసుకోవాలి, శాశ్వతంగా ఎలా బయటపడాలి?

జవాబు:

మీరు చెప్పినవాటిలో రెండు విషయాలను కలిపి చూడాలి. సర్వర్ లాగ్ శుభ్రంగా ఉంది, అయినా తొలగించిన ఒక్కరోజులో చిరునామా మళ్ళీ లిస్టులో చేరింది. ఈ రెండూ నిజమైతే, స్పామ్ మీ మెయిల్ సర్వర్ గుండా వెళ్ళడం లేదనీ, అదే పబ్లిక్ చిరునామాను పంచుకుంటున్న మరో యంత్రం నేరుగా బయటి సర్వర్లకు మెయిల్ పంపుతోందనీ అనుమానించాలి. అది నిజమో కాదో నిర్ధారించుకున్న తరువాతే తొలగింపు ఫారం జోలికి వెళ్ళండి. అంతవరకు మూడోసారి అడగకండి, ఎందుకంటే కారణం అలాగే ఉండగా పదేపదే తొలగించమని అడిగితే, స్వయంగా తొలగించుకునే వీలు ఆగిపోయి, మీ వివరణను ఎవరో ఒకరు చదివి నిర్ణయించేదాకా వేచి ఉండవలసి రావచ్చు.

మొదట, తిరిగొచ్చిన మెయిల్లో ఉన్న తిరస్కరణ వాక్యాన్ని పూర్తిగా చదవండి. అది ఇంచుమించు ఇలా ఉంటుంది. ఇక్కడి చిరునామా ఉదాహరణ కోసం వాడుతున్నది, దాని స్థానంలో మీది పెట్టుకోండి.

```
554 5.7.1 Service unavailable; Client host [203.0.113.25] blocked using zen.spamhaus.org
```

బ్రాకెట్లలో ఉన్న చిరునామాయే మీరు పరీక్షించవలసినది. సర్వర్ సెట్టింగుల్లో కనిపించే 192.168తో మొదలయ్యే అంతర్గత చిరునామాతో ఇక్కడ పని లేదు. సర్వర్‌కు ఐపీవీ6 కూడా ఉంటే, కొన్ని మెయిళ్ళు ఆ దారిన వెళ్ళి, మీరు ఊహించని చిరునామా అక్కడ కనిపించవచ్చు. తిరిగొచ్చిన మెయిళ్ళు నాలుగైదు తీసి చూస్తే ఇది తేలిపోతుంది.

ఇక పరీక్ష. బ్లాక్‌లిస్టు అంటే డీఎన్‌ఎస్ ద్వారా అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు మాత్రమే. చిరునామాలోని నాలుగు అంకెల భాగాలను వెనక నుంచి ముందుకు రాసి, చివర లిస్టు పేరు తగిలించి అడుగుతారు. జవాబు వస్తే చిరునామా లిస్టులో ఉన్నట్టు, ఏమీ రాకపోతే లేనట్టు.

```
dig +short 2.0.0.127.zen.spamhaus.org
dig +short 25.113.0.203.zen.spamhaus.org
```

రెండో ఆదేశం మీ చిరునామా కోసం. మొదటిది పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. 127.0.0.2 అనే చిరునామా ప్రతి బ్లాక్‌లిస్టులోనూ ఎప్పుడూ ఉండాలనీ, 127.0.0.1 ఎప్పుడూ ఉండకూడదనీ 2010లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5782 చెబుతుంది. కాబట్టి మొదటి ఆదేశానికి 127.0.0తో మొదలయ్యే జవాబులు రావాలి. అవి రాకపోతే రెండో ఆదేశానికి వచ్చే ఖాళీ జవాబుకు అర్థం లేదు. చాలామంది ఈ మెట్టును దాటేసి, ఖాళీ జవాబు చూసి తాము లిస్టులో లేమని సంతోషిస్తారు. గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 వంటి బహిరంగ రిజాల్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ మామూలు జవాబు ఇవ్వదు. వాటి ద్వారా అడిగితే `127.255.255.254` అనే సంకేతం రావచ్చు. దాని అర్థం మీరు లిస్టులో ఉన్నారని కాదు, ఈ దారిన అడగవద్దని మాత్రమే. సర్వర్ మీదనే అన్‌బౌండ్ వంటి చిన్న రిజాల్వర్ పెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు. పైగా, మీ పోస్ట్‌ఫిక్స్ కూడా వచ్చే మెయిళ్ళను వడగట్టడానికి ఇదే లిస్టును వాడుతూ, ఆ సంకేతాన్ని నిజమైన జవాబుగా తీసుకుంటే, మీకు రావలసిన మంచి మెయిళ్ళన్నిటినీ తిప్పికొడుతుంది. అది వేరే తలనొప్పి, కానీ ఈ రెండూ ఒకేసారి జరగడం అరుదేమీ కాదు.

ఆదేశాలతో పని లేకుండా చూడాలంటే `check.spamhaus.org` పేజీలో చిరునామా ఇచ్చినా సరిపోతుంది. అయినా జవాబుగా వచ్చే చివరి అంకెను చదవడం నేర్చుకోండి, ఎందుకంటే ఎక్కడ వెతకాలో చెప్పేది అదే. జెన్ అనేది ఒకే లిస్టు కాదు, నాలుగైదు లిస్టులను ఒకే పేరు కింద చేర్చిన కూర్పు. జవాబు 127.0.0.2 అయితే అది ఎస్‌బీఎల్. అక్కడ మనుషులు పరిశీలించి చేర్చిన నమోదు ఉంటుంది, దాన్ని తొలగించమని అడగవలసింది మీరు కాదు, ఆ చిరునామా యజమాని అయిన ఇంటర్నెట్ సంస్థ. 127.0.0.3 అయితే సీఎస్‌ఎస్. మెయిల్ పంపే తీరు అనుమానాస్పదంగా ఉన్నప్పుడు యంత్రమే చేర్చే లిస్టు ఇది. 127.0.0.10 లేదా 11 అయితే పీబీఎల్, అంటే నేరుగా మెయిల్ పంపకూడని చిరునామాల జాబితా. అక్కడ ఉండటం ఆరోపణ కాదు, విధానం మాత్రమే. ఆ చిరునామా స్థిరమైనదై, మీ సర్వర్‌దే అయితే స్వయంగా తొలగించుకోవచ్చు. 127.0.0.4 వస్తే అది ఎక్స్‌బీఎల్. ఆ చిరునామా వెనక మాల్‌వేర్ సోకిన లేదా పరాయివాళ్ళ చేతిలో పడిన యంత్రం ఉందని దాని అర్థం. మీరు చెప్పిన లక్షణాలకు నేను ఎదురుచూసే జవాబు ఇదే, కాబట్టి ఇక్కడినుంచి ఎక్స్‌బీఎల్ గురించే రాస్తాను.

తనిఖీ పేజీలో వివరాలు తెరిస్తే, అనుమానాస్పద కనెక్షన్ కనిపించిన సమయమూ, ఆ యంత్రం తన పేరుగా చెప్పుకున్న హెలో విలువా తరచుగా ఇస్తారు. మీ సర్వర్ చెప్పుకునే పేరు `postconf myhostname` ఆదేశంతో తెలుస్తుంది. రెండూ ఒకటి కాకపోతే, ఆ కనెక్షన్ పోస్ట్‌ఫిక్స్ చేసినది కాదనడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. సమయం యూటీసీలో ఉంటుంది కాబట్టి మీ గడియారానికి మార్చుకుని, ఆ నిమిషానికి ముందూ వెనకా మెయిల్ లాగ్ చూడండి. అక్కడ ఏమీ లేకపోవడం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది.

అయితే లాగ్ నిజంగా శుభ్రంగా ఉందో లేదో ముందు ఒకసారి సరిచూసుకోవాలి. ఎవరి పాస్‌వర్డ్ అయినా దొంగల చేతికి చిక్కి, ఆ ఖాతా ద్వారా స్పామ్ వెళ్తుంటే, లాగ్‌లో ఆ ఒక్క పేరు మిగతావాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు కనిపిస్తుంది.

```
grep -o 'sasl_username=[^,]*' /var/log/mail.log | sort | uniq -c | sort -nr | head
```

రోజుకు ఇరవై మెయిళ్ళు పంపే ఉద్యోగి పేరు ఎదురుగా వేలల్లో అంకె ఉంటే, కథ అక్కడే ముగుస్తుంది. ఆ పాస్‌వర్డ్ మార్చి, `postqueue -p` ఆదేశంతో క్యూలో మిగిలిన చెత్తను చూసి తీసేయాలి. పేర్లూ అంకెలూ సహజంగానే ఉంటే, ముందుకు వెళ్ళవచ్చు. ఇంకో మాట. సర్వర్ మీదనే వెబ్‌సైట్ కూడా నడుస్తుంటే, అందులో చొరబడిన స్క్రిప్టు పోస్ట్‌ఫిక్స్‌ను తాకకుండా నేరుగా 25వ పోర్టుకు వెళ్ళగలదు. అప్పుడు కూడా లాగ్ శుభ్రంగానే ఉంటుంది. ఆ దారిని మూసేందుకు, సర్వర్ మీద `postfix` వినియోగదారు తప్ప మరెవరూ 25వ పోర్టుకు బయటికి వెళ్ళకుండా ఒక నియమం పెట్టవచ్చు.

ఇప్పుడు అసలు వేట. కార్యాలయంలోని కంప్యూటర్లు, ఫోన్లు, అతిథుల వైఫై, కెమెరాలు అన్నీ ఒకే రౌటర్ వెనక ఉండి బయటికి ఒకే పబ్లిక్ చిరునామాతో వెళ్తున్నప్పుడు, బయటివాళ్ళకు అవన్నీ ఒకే యంత్రంలా కనిపిస్తాయి. వాటిలో ఏది తప్పు చేసినా నింద మెయిల్ సర్వర్ మీద పడుతుంది. సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునేది 25వ పోర్టు మీద. మామూలు ఉద్యోగి కంప్యూటర్‌కు బయటి ప్రపంచంలోని 25వ పోర్టుతో పని ఉండదు, ఎందుకంటే మెయిల్ ప్రోగ్రాములు తమ సర్వర్‌కు 587 లేదా 465 పోర్టు మీద అందిస్తాయి. కాబట్టి మెయిల్ సర్వర్‌కు తప్ప మిగతా అందరికీ 25ను మూసేస్తే ఎవరి పనీ ఆగదు, స్పామ్ మాత్రం ఆగుతుంది. మూసేముందు లాగ్ చేస్తే నేరస్థుడు కూడా దొరుకుతాడు. మీ గేట్‌వే లైనక్స్ అయితే, బయటి ఇంటర్‌ఫేస్ `eth0`, మెయిల్ సర్వర్ అంతర్గత చిరునామా 192.168.1.10 అనుకుంటే, నియమాలు ఇవి.

```
iptables -I FORWARD 1 -o eth0 -s 192.168.1.10 -p tcp --dport 25 -j ACCEPT
iptables -I FORWARD 2 -o eth0 -p tcp --dport 25 -j LOG --log-prefix "SMTP-OUT "
iptables -I FORWARD 3 -o eth0 -p tcp --dport 25 -j REJECT
```

ఇందులో `-o eth0` అనే భాగాన్ని మరచిపోవద్దు. బయటినుంచి మీ సర్వర్‌కు వచ్చే మెయిళ్ళు కూడా ఇదే ఫార్వర్డ్ గొలుసు గుండా 25వ పోర్టుకే వస్తాయి. ఆ భాగం లేకపోతే వచ్చే మెయిళ్ళన్నీ మూడో నియమానికి చిక్కి ఆగిపోతాయి, పంపే సమస్యకు తోడు అందుకునే సమస్య కూడా వస్తుంది. నియమాల వరుస కూడా ముఖ్యమే. `-A` వాడి చివర చేర్చితే, పైన ఎప్పుడో పెట్టిన సాధారణ అనుమతి ముందే వర్తించి, ఇవి ఎప్పటికీ పనిచేయవు. మీది కొన్న రౌటర్ అయితే దాని ఫైర్‌వాల్ పేజీలో ఇదే అర్థం వచ్చే నియమం పెట్టి, దానికి లాగ్ చేసే వీలు ఉంటే ఆన్ చేయండి. గేట్‌వే ఐపీవీ6ను కూడా దాటిస్తుంటే, `ip6tables`లో కూడా అదే పని చేయాలి.

ఆ తరువాత కర్నెల్ లాగ్‌లో `SMTP-OUT` అనే మాట కోసం చూస్తూ ఉండండి. కనీసం ఒక పూర్తి రోజూ రాత్రీ ఆగండి, ఎందుకంటే ఈ మాల్‌వేర్ ఆదేశాలు వచ్చినప్పుడే లేస్తుంది, అది పనివేళల్లోనే లేస్తుందని నమ్మకం లేదు. దొరికే వరుస ఇలా ఉంటుంది.

```
SMTP-OUT IN=eth1 OUT=eth0 SRC=192.168.1.57 DST=198.51.100.8 PROTO=TCP DPT=25
```

ఇదే పద్ధతిలో నేను పరిశీలించిన ఒక కార్యాలయం సంగతి చెబుతాను, మీదానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ అందరూ అనుమానించింది లెక్కల విభాగంలోని పాత కంప్యూటర్లను. వాటన్నిటికీ యాంటీవైరస్ స్కానింగ్ చేసి, ఏమీ దొరకక, స్పామ్‌హాస్ లిస్టే తప్పని తీర్మానించారు. నియమాలు పెట్టిన రాత్రి, ఎవరూ లేని వేళ, ఒకే అంతర్గత చిరునామా నుంచి రకరకాల బయటి చిరునామాల 25వ పోర్టుకు వందలకొద్దీ ప్రయత్నాలు లాగ్‌లోకి వచ్చాయి. డీహెచ్‌సీపీ జాబితాలో ఆ చిరునామా ఎదురుగా ఏ ఉద్యోగి పేరూ లేదు. మ్యాక్ చిరునామాను పట్టుకుని స్విచ్‌లో ఏ పోర్టుకు తగిలి ఉందో చూస్తే, ఆ తీగ కెమెరాల వీడియో రికార్డర్ దగ్గరికి వెళ్ళింది. దానికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది, దూరంనుంచి కెమెరాలు చూసుకోవడానికి దాని నిర్వహణ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచారు. దాన్ని ఎవరో మెయిల్ పంపే మధ్యవర్తిగా మార్చేశారు. యాంటీవైరస్ ఎక్కించే వీలే లేని పెట్టె కాబట్టి, కంప్యూటర్లను ఎన్నిసార్లు స్కాన్ చేసినా అది దొరకదు. ఫర్మ్‌వేర్ తిరగరాసి, పాస్‌వర్డ్ మార్చి, బయటి పోర్టు మూసేశాకే తొలగింపు ఫారం నింపారు.

కొన్నిసార్లు దొరికేది ఎవరిదో ఫోన్ కావచ్చు. ఉచిత వీపీఎన్ పేరుతో వచ్చే కొన్ని యాప్‌లు, వాడేవాళ్ళ కనెక్షన్‌ను ఇతరులకు అద్దెకిస్తాయి. అతిథుల వైఫై మీద వచ్చీపోయే ఫోన్లను మీరు శుభ్రం చేయలేరు. అందుకే అక్కడ 25ను మూసి ఉంచడం ఒక్కటే దారి. ఇంకో అవకాశం కూడా ఉంది. లాగ్‌లో 25వ పోర్టు ప్రయత్నం ఒక్కటీ రాకున్నా నమోదు మళ్ళీ మళ్ళీ తాజా అవుతుంటే, మాల్‌వేర్ మెయిల్ పంపడం వల్ల కాక, పరిశోధకులు తమ అధీనంలోకి తెచ్చుకున్న దాని నియంత్రణ సర్వర్‌తో మాట్లాడడం వల్ల మీ చిరునామా చేరి ఉండవచ్చు. అప్పుడు వివరాల పేజీలో గమ్య చిరునామా, పోర్టు ఇచ్చి ఉంటే, పై నియమంలో 25కు బదులు వాటిని పెట్టి లాగ్ చేయాలి.

కారణం దొరికి, దాన్ని తీసేసి, ఒక పూర్తి రోజు లాగ్‌లో కొత్త ప్రయత్నాలు రాకుండా గడిచాక, తొలగింపు కోరండి. తనిఖీ పేజీలో మీ చిరునామా వివరాలు తెరిచి, అక్కడున్న అంశాలు చదివినట్టు ఒప్పుకుని, పేరూ మెయిల్ చిరునామా ఇస్తే, నిర్ధారణ కోసం ఒక మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ మీ సర్వర్‌కే వచ్చినా ఇబ్బంది లేదు, మీరు పంపే మెయిళ్ళకే అడ్డు ఉంది కానీ వచ్చేవాటికి లేదు. వివరణ అడిగితే మూడు విషయాలు రాస్తే చాలు: ఏ యంత్రం వల్ల జరిగింది, దాన్ని ఏం చేశారు, మళ్ళీ జరగకుండా 25వ పోర్టును ఎప్పటినుంచి మూసి ఉంచారు. మీ వ్యాపారం ఎంత నష్టపోతోందో, మీరెంత నిజాయితీపరులో రాయనక్కర్లేదు, చదివేవారికి దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు. దీనికి స్పామ్‌హాస్ డబ్బు తీసుకోదు. డబ్బిస్తే ఆ లిస్టు నుంచి తీయిస్తామని ఎవరైనా మెయిల్ పంపితే నమ్మకండి.

తొలగించిన వెంటనే అన్నిచోట్లా మెయిళ్ళు వెళ్ళిపోవు. పాత జవాబును కొన్ని సర్వర్లు కొంతసేపు దాచుకుంటాయి. కొన్ని గంటలు, ఒక్కోచోట ఒక రోజు వరకు తిరస్కరణలు వస్తూనే ఉండవచ్చు. ఈలోగా అదే `dig` ఆదేశంతో జవాబు ఖాళీ అయిందో లేదో చూసుకుంటే, కంగారుపడి మళ్ళీ ఫారం నింపే పని తప్పుతుంది. అత్యవసర మెయిళ్ళను ఈలోపు ఏదైనా రిలే సేవ ద్వారా పంపవచ్చు, అయితే కారణం తొలగించాకే. ఇంటర్నెట్ సంస్థను అడిగి కొత్త చిరునామా తెచ్చుకోవడం చాలామందికి సులువైన దారిగా తోస్తుంది. కారణమైన యంత్రం అలాగే ఉంటే, కొత్త చిరునామా కూడా వెంటనే లిస్టులోకి ఎక్కుతుంది.

మిగతా లిస్టుల గురించి కొద్దిగా చెబుతాను. పదుల కొద్దీ లిస్టులను ఒకేసారి చూపించే సైట్లలో ఎర్ర గుర్తులు చూసి బెదరకండి. తిరిగొచ్చిన మెయిళ్ళలో పేరు కనిపించిన లిస్టుకే మీ సమయం కేటాయించండి. స్పామ్‌కాప్ అయితే, కొత్త ఫిర్యాదులు రాకుంటే 24 గంటల్లో దానంతటదే తొలగిపోతుంది. బరాకుడాకు `barracudacentral.org`లో ఫారం ఉంది. యూసీఈప్రొటెక్ట్ మూడో స్థాయిలో ఉన్నారంటే, మీ ఇంటర్నెట్ సంస్థ మొత్తం నెట్‌వర్క్‌నే అందులో చేర్చారని అర్థం. దానికి మీరు చేయగలిగిందేమీ లేదు, త్వరగా తీసేయడానికి డబ్బు అడిగినా చెల్లించాలని నేను చెప్పను. సోర్బ్స్ 2024లో మూతపడింది, ఏదైనా పాత సైటు ఇంకా దాని పేరు చూపిస్తే వదిలేయండి. మైక్రోసాఫ్ట్ మాత్రం వేరు. దానికి సొంత లిస్టు ఉంది, బయటి సైట్లలో అది కనిపించదు. తిరస్కరణలో `banned sending IP` అన్న మాటలు ఉంటే `sender.office.com`లో విడిగా అడగాలి.

చివరిగా, వీలైతే ఇంటర్నెట్ సంస్థనుంచి రెండో స్థిర చిరునామా తీసుకుని, మెయిల్ సర్వర్‌ను దాని మీదికి మార్చి, కంప్యూటర్లూ వైఫై పాత చిరునామా మీదే ఉంచండి. కొత్త చిరునామాకు రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టమని అదే ఉత్తరంలో అడగండి. `dig +short -x` ఆదేశానికి మీ సర్వర్ పేరు వచ్చి, ఆ పేరుకు తిరిగి అదే చిరునామా వచ్చేదాకా మెయిల్ దానిమీదికి మార్చవద్దు. ఎస్‌పీఎఫ్ రికార్డులో కొత్త చిరునామా చేర్చడం మరువద్దు. 25వ పోర్టు నియమాలను తీసేయనక్కర్లేదు. వాటి లాగ్‌ను రోజూ ఒకసారి మీకు మెయిల్ చేసే చిన్న క్రాన్ పని పెట్టుకుంటే, మరో యంత్రం చెడిపోయిన సంగతి స్పామ్‌హాస్ కంటే ముందు మీకే తెలుస్తుంది. మీ `dig` జవాబులో చివరి అంకె 4 కాక వేరేది వస్తే, దాన్నీ తిరస్కరణ వాక్యాన్నీ ఇక్కడ రాయండి, అప్పుడు వెతికే దారి మారుతుంది.